ఎప్పుడు చేరగలరు?

రిక్రూటర్ నుంచి వచ్చే మొదటి ఫోన్‌లోనే, అనుభవం, జీతం వివరాలు అడిగాక ఈ ప్రశ్న వస్తుంది: ‘‘మీ నోటీస్ పీరియడ్ ఎంతండీ? ఎంత త్వరగా జాయిన్ కాగలరు?’’ మన ఐటీ కంపెనీల్లో 60, 90 రోజుల నోటీసు మామూలే. 90 అంటే అవకాశం చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది ‘‘నెలలో వచ్చేస్తానండీ’’ అనేస్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, కాగితం మీద ఏముంది అని. రెండోది, దాన్ని ఎంతవరకు తగ్గించుకోగలరు అని. రెండింటినీ కలిపి ఒకే అంకె చెప్పకుండా, విడివిడిగా జవాబివ్వాలి.

కాగితం మీద ఏముందో తెలియాలంటే అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవాలి. ప్రొబేషన్‌లో ఒక గడువు, ఉద్యోగం ఖాయమయ్యాక ఇంకో గడువు ఉండొచ్చు. మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లే వీలుందా అన్నది కూడా అక్కడే ఉంటుంది. దీన్నే బయౌట్ అంటారు. ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చూడాలి. ‘యాజమాన్యం అంగీకరిస్తేనే’ అని ఉంటే, డబ్బు కట్టడానికి మీరు సిద్ధమైనా నిర్ణయం మీ చేతిలో లేనట్టే. కట్టాల్సింది బేసిక్ మీద లెక్కిస్తారా, మొత్తం జీతం మీదా అన్నదీ తెలుసుకోవాలి. బేసిక్ 30 వేలు, మొత్తం జీతం 65 వేలు అయితే, 30 రోజుల బయౌట్‌కు ఆ రెండు లెక్కల మధ్య తేడాయే 35 వేలు.

ఇక తేదీ దగ్గర జరిగే పొరపాటు. హైదరాబాద్‌లో 90 రోజుల నోటీసున్న ఒక టెస్టింగ్ ఇంజినీర్‌కు మే 10న ఫోన్ వచ్చిందనుకుందాం. ఆమె ఆ రోజు నుంచే లెక్కేసి ఆగస్టు 8న చేరతానంటుంది. కానీ చేతికి ఆఫర్ లెటర్ రాకుండా ఎవరూ రాజీనామా చెయ్యరు, చెయ్యకూడదు కూడా. ఇంటర్వ్యూలన్నీ పూర్తయి మే 29న ఆఫర్ వచ్చి, జూన్ 1న రాజీనామా మెయిల్ పంపితే, ఆ రోజుతో కలిపి 90 రోజులు ఆగస్టు 29కి పూర్తవుతాయి. ఏ అబద్ధమూ చెప్పకుండానే మాట మూడు వారాలు తప్పినట్టయింది. అందుకే తేదీ కాకుండా, ఆఫర్ లెటర్ అందిన నాటి నుంచి ఎన్ని రోజులో చెప్పడం మేలు.

ఆమె ఇలా చెప్పొచ్చు: ‘‘మా కంపెనీలో నోటీసు 90 రోజులండీ. మీ ఆఫర్ లెటర్ రాగానే రాజీనామా చేస్తాను. మేనేజర్ ఒప్పుకుంటే 30 రోజులు బయౌట్ చేసుకుని 60 రోజుల్లో రాగలను, ఆ హామీ మాత్రం ఇప్పుడే ఇవ్వలేను. మీకు ఏ తేదీలోపు మనిషి కావాలి? బయౌట్ డబ్బు మీరు తిరిగి ఇస్తారా?’’

ఈ జవాబులో దాపరికం లేదు, మొండితనమూ లేదు. మేనేజర్ ఒప్పుకుంటే జూలై 30 ఆమెకు ఆఖరి పనిదినం అవుతుంది, లేకపోతే ఆగస్టు 29. రెండు తేదీలూ ముందే తెలిస్తే ఆగాలో వద్దో కొత్త కంపెనీ నిర్ణయించుకోగలదు. బయౌట్ డబ్బు తిరిగి ఇచ్చేచోట కూడా మామూలుగా ముందు మనమే కట్టి, చేరాక రసీదు చూపించి తీసుకోవాలి. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఉండొచ్చు. ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి. మిగిలిన సెలవులతో నోటీసు తగ్గించుకుందామన్న ఆశ మీద తేదీ చెప్పొద్దు. నోటీసులో సెలవు పెడితే అన్ని రోజులు గడువు పొడిగించే కంపెనీలూ ఉన్నాయి.

లేని వెసులుబాటు ఉందని చెబితే ఎలాగూ బయటపడుతుంది. రాజీనామా ఆమోదించిన మెయిల్, రిలీవింగ్ లెటర్ అడుగుతారు. చెప్పాపెట్టకుండా మానేస్తే పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఆపేయొచ్చు. పీఎఫ్ ఖాతాలో పాత ఉద్యోగం వదిలిన తేదీ, కొత్తదాంట్లో చేరిన తేదీ నమోదవుతాయి. ఒకదానిపై ఒకటి పడితే వెరిఫికేషన్‌లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇప్పటికే రాజీనామా చేసి నోటీసులో ఉన్నవాళ్లకు ఇంత లెక్క అక్కర్లేదు. ఆమోదం మెయిల్‌లో ఉన్న ఆఖరి పనిదినం చెప్పి, ఒకటి రెండు రోజుల తర్వాత చేరతామంటే చాలు.

ఒకసారి చెప్పిన తేదీ మారక తప్పకపోతే, అంటే ముందే వదలడానికి మేనేజర్ ఒప్పుకోకపోతే, ఆ రోజే రిక్రూటర్‌కు మెయిల్ రాయండి. కారణం ఒక వాక్యంలో, కొత్త తేదీ ఇంకో వాక్యంలో రాస్తే చాలు. నెల ముందు తెలిస్తే చేరే తేదీ జరపడం వాళ్లకు కష్టం కాదు. చేరాల్సిన సోమవారానికి ముందు శుక్రవారం సాయంత్రం తెలిస్తే, ఆఫర్ నిలుస్తుందన్న నమ్మకం ఉండదు.