రిపోర్టులో 1.2, లెక్క వేస్తే 28

డెబ్బై ఆరేళ్ల పెద్దావిడ, బరువు 44 కిలోలు. నడుముకు ఒక పక్క సర్పి లేచి మానింది కానీ మంట వదల్లేదు. డాక్టరు గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు రోజుకు మూడు పూటలా రాశారు. వారం తిరక్కుండా ఆమె మనవడు మళ్లీ మా మందుల షాపుకు వచ్చాడు.

"అమ్మమ్మ పగలంతా మత్తుగా పడుకుంటోందండీ. గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడుతోంది. వయసు మీద పడిందిలే అంటున్నారు ఇంట్లో."

ఆమె రక్త పరీక్ష కాగితం అతని చేతిలోనే ఉంది. సీరం క్రియాటినిన్ 1.2. ల్యాబువాళ్లు అచ్చువేసిన హద్దుల లోపలే ఉంది కాబట్టి కిడ్నీల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఫార్మసీ చదివే పిల్లలు ఇక్కడే ఆగి ఆలోచించాలి. క్రియాటినిన్ పుట్టేది కండల్లో, దాన్ని బయటికి పంపేవి కిడ్నీలు. ఎండిపోయినట్టున్న ఆ ఒంట్లో కండ ఎంతని? కుళాయి సన్నగా కారుతున్నా తొట్టి నిండుగా ఉందంటే, కింద తూము పూడుకుపోతున్నట్టే. అందుకే క్రియాటినిన్‌ను వయసుతో, బరువుతో కలిపి చూడాలి. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు వైద్యులు ప్రకటించిన సూత్రం ఆ పనే చేస్తుంది:

```
CrCl = (140 - age) × weight / (72 × SCr)
```

ఆడవాళ్లకైతే వచ్చిన జవాబును 0.85తో గుణించాలి. బరువు కిలోల్లో, క్రియాటినిన్ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉండాలి.

పెద్దావిడ లెక్క చూద్దాం. 140లో 76 తీసేస్తే 64. దాన్ని 44తో గుణిస్తే 2816. కింద 72ను 1.2తో గుణిస్తే 86.4. భాగిస్తే 32.6, దాన్ని 0.85తో గుణిస్తే సుమారు 28. అంటే ఆమె కిడ్నీలు నిమిషానికి 28 మిల్లీలీటర్ల ప్లాస్మాను మాత్రమే క్రియాటినిన్ లేకుండా శుభ్రం చేస్తున్నాయి. అదే 1.2 ఉన్న ఇరవై ఆరేళ్ల, 70 కిలోల కుర్రాడికి ఇదే లెక్క వేస్తే 92 వస్తుంది. రిపోర్టులో ఇద్దరి అంకే ఒకటి, కిడ్నీల శక్తిలో మాత్రం మూడు రెట్లకు పైగా తేడా.

గాబాపెంటిన్‌ను లివర్ విరగ్గొట్టదు. ఒంట్లోకి వెళ్లింది వెళ్లినట్టే మూత్రంలో పోవాలి. క్లియరెన్స్ 60 దాటి ఉన్నవాళ్లలో ఆ మందు సగానికి తగ్గడానికి సుమారు ఆరున్నర గంటలు పడితే, 30 లోపు ఉన్నవాళ్లలో సగటున 52 గంటలు పట్టినట్టు ఆ మందు వివరాల పత్రంలోనే ఉంది. పొద్దుటి మాత్ర పోకముందే మధ్యాహ్నపు మాత్ర, అది పోకముందే రాత్రిది వచ్చి చేరుతున్నాయి. ఆమె మత్తుకూ, చెయ్యి ఎగిరిపడటానికీ కారణం అదే. క్లియరెన్స్ 15 నుంచి 29 మధ్య ఉంటే ఈ మందు రోజు మొత్తానికి 200 నుంచి 700 మిల్లీగ్రాములే, అదీ ఒకే పూట. ఆమెకు పడుతున్నది 900.

లెక్క కాగితం మీద రాసి డాక్టరుగారికి ఫోన్ చేశాను. మోతాదు మార్చడం మన పని కాదు, లెక్క చెప్పడం మన పని. ఆయన రాత్రిపూట ఒక్క 300కి తగ్గించారు. నాలుగైదు రోజులకు చెయ్యి ఎగరడం ఆగింది, మంట కూడా అదుపులోనే ఉంది.

అన్ని మందులకూ మోతాదే తగ్గించరు. లీవోఫ్లాక్సాసిన్ 750 మిల్లీగ్రాములు రోజూ వేసే జబ్బులో క్లియరెన్స్ 20 నుంచి 49 మధ్య ఉంటే, మాత్ర అదే, రోజు విడిచి రోజు వేస్తారు. ఎక్కువ మోతాదు పడితేనే చచ్చే సూక్ష్మజీవుల మీద మాత్రను ముక్క చేస్తే జబ్బు మిగిలిపోతుంది. మెట్‌ఫార్మిన్‌కు మళ్లీ ఈ సూత్రం కాదు, ల్యాబు ఇచ్చే ఈజీఎఫ్‌ఆర్ చూడాలి. అది 30 కంటే తగ్గితే ఆ మందు వాడకూడదు.

ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకూడని చోట్లూ ఉన్నాయి. క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే దీనికి విలువ. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి నిన్న 1.2 ఉన్నది ఇవాళ 2.4 అయితే, లెక్కలో వచ్చే అంకె కన్నా కిడ్నీల అసలు స్థితి ఇంకా దిగువన ఉంటుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకు అసలు బరువు వేస్తే క్లియరెన్స్ లేనిపోనంత ఎక్కువ కనిపిస్తుంది. వాళ్లకు సవరించిన బరువు తీసుకోవాలి.

మందుల చీటీ మీద వయసు ఉంటుంది, బరువు చాలాసార్లు ఉండదు. రేపు మీరు కౌంటర్ వెనక నిలబడినప్పుడు, బక్కపలచని పెద్దవాళ్లకు గాబాపెంటిన్ చీటీ వస్తే, మాత్రలు కత్తిరించే ముందు బరువెంతో, ఈమధ్య క్రియాటినిన్ ఎంత వచ్చిందో అడగండి.