ఐదుకూ ఆరుకూ మధ్య ఏడు వారాలు

మన రాష్ట్రంలో ఇటీవలి ఏళ్లలో బడులు ఏప్రిల్ 23తో మూతపడి జూన్ 12న తెరుచుకుంటున్నాయి. ఐదో తరగతి పూర్తిచేసిన తండా పిల్లలు ఆ ఏడు వారాలూ ఏ బడికీ చెందరు. పాత ప్రధానోపాధ్యాయుడు తన పని అయిపోయిందనుకుంటాడు. కొత్త ప్రధానోపాధ్యాయుడు తన పని ఇంకా మొదలు కాలేదనుకుంటాడు. వనపర్తి పల్లెల్లో తిరిగే నాకు, బడి మానేయడం కంటే ముందు కనిపించేది ఈ బాధ్యత లేని ఖాళీ.

దీన్ని దూరం సమస్యగా మాత్రమే చూడడం అలవాటైంది. నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరులోపు, ప్రాథమికోన్నత చదువు మూడు కిలోమీటర్లలోపు ఉండాలి. అయితే పెరిగేది దూరం ఒక్కటే కాదు. తండా బడిలో అందరూ లంబాడీ పిల్లలే. దళితవాడ పక్కనున్న బడిలో చాలాచోట్ల దాదాపు అందరూ ఆ వాడ పిల్లలే. ఊరి ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి చేరిన రోజే ఆ బిడ్డ మొదటిసారి తన కులాన్ని ఇతరుల నోట వింటుంది.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. ఉపకార వేతనాల వివరాలు పంపాల్సి వస్తుంది. ఉపాధ్యాయుడు తరగతిలో నిలబడి, ‘ఎస్సీ, ఎస్టీ పిల్లలు చేతులెత్తండి’ అంటాడు. ఆయనకు దురుద్దేశం ఉండకపోవచ్చు. చేయి ఎత్తిన పిల్లకు మాత్రం మధ్యాహ్న భోజనం వేళ ఎక్కడ కూర్చోవాలో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. చదివే స్థాయి తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష మార్కులతో సెక్షన్లు విడదీస్తే అదే విభజన మరో పేరుతో వస్తుంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపిన బడి నుంచి వచ్చినవారు ‘బి’ సెక్షన్‌కు చేరతారు.

కనుక పరివర్తన ప్రణాళిక జూన్‌లో స్వాగత సభతో కాక మార్చిలో జాబితాతో మొదలు కావాలి. ఒక తండాలో పదకొండు మంది ఐదో తరగతిలో ఉన్నారనుకుందాం. వారి పేర్లు, చదివే స్థాయి, కుల ధ్రువపత్రం ఉందో లేదో, వేసవిలో ఎవరి దగ్గర ఉంటారో తండా ఉపాధ్యాయుడు రాసి ఉన్నత పాఠశాలకు స్వయంగా అందజేయాలి. అప్పుడు తరగతిలో చేతులెత్తించే అవసరమే రాదు.

అదే నెలలో ఆ పదకొండు మందిని ఒక రోజు కొత్త బడికి నడిపించుకొని వెళ్లాలి. దారి, మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి చూపించాలి. గంట గంటకూ టీచరు మారే తరగతిలో కూర్చోబెట్టాలి. అందరితో కలిపి ఒకే వరుసలో భోజనం పెట్టాలి. అదే తండా నుంచి వచ్చి ఏడో తరగతి చదివే ఒకరిని ప్రతి ఇద్దరికీ తోడుగా ఇవ్వాలి.

తల్లిదండ్రులతో మాట్లాడడం ఇంకా కష్టమైన పని. పాలమూరు వలస ఇంకా ఆగలేదు. వాట్సాప్ సందేశం పుణెలోనో హైదరాబాద్‌లోనో పనిచేసే తండ్రి ఫోన్‌కు చేరుతుంది. బిడ్డను పెంచుతున్న అవ్వకు చేరదు. సభను ఉన్నత పాఠశాలలో పగలు పెడితే కూలి పోతుంది. ఉగాదికి చాలామంది ఊరికి వస్తారు గనుక ఆ రోజుల్లోనే, తండాలోనే, సాయంత్రం వేళ, లంబాడీ మాట్లాడేవారితో పెట్టాలి. అక్కడే టీసీ రాసి చేతికివ్వాలి. విద్యాహక్కు చట్టంలోని ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదన్న సంగతీ చెప్పాలి. దరఖాస్తులో తండ్రి పేరు కోసం పట్టుబట్టకూడదు. జోగినీ వ్యవస్థ గాయాలు మిగిలిన ఈ ప్రాంతంలో ఆ ఒక్క గడి కొందరు తల్లులను గేటు దగ్గరే ఆపేస్తుంది.

ప్రణాళిక పనిచేసిందో లేదో కంప్యూటర్ చెబుతుందని అధికారులు నమ్ముతారు. యూడైస్‌లో పాత బడి వదిలిన పేరు, కొత్త బడి చేర్చుకునేదాకా డ్రాప్‌బాక్స్‌లో ఉంటుంది. ఆ పేరు కస్తూర్బా విద్యాలయంలో చేరిన పిల్లదా, పత్తి చేనులో ఉన్న పిల్లదా అన్నది తెర చూసి చెప్పలేం. జూన్ చివర ఇద్దరు ప్రధానోపాధ్యాయులు మార్చి జాబితా ముందు పెట్టుకొని పదకొండు పేర్లూ చదవాలి. తొమ్మిది మంది వస్తే మిగతా ఇద్దరి ఇళ్లకు ఆ వారమే వెళ్లాలి. ఆగస్టు చివర మళ్లీ చదవాలి. చేరి కూడా మౌనంగా రావడం మానేసేవారు అప్పుడు బయటపడతారు. ఒకే తండా పిల్లలే వరుసగా గైర్హాజరైతే, కారణం వారి ఇళ్లలో కాక తరగతి గదిలో వెతకాలి.

ఈ పనులు వలసను ఆపలేవు, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టులను నింపలేవు. వీటికి పెద్ద ఖర్చు కూడా లేదు. కావలసింది ఆ ఏడు వారాలకు ఒక బాధ్యుడు. ఆ బాధ్యత తండా ఉపాధ్యాయుడిపై మాత్రమే వేస్తే మళ్లీ బలహీనుడి మీదే బరువు పెట్టినవాళ్లమవుతాం. పిల్లలు చేరబోయే బడి ప్రధానోపాధ్యాయుడే, మార్చి నుంచే, ఆ పదకొండు పేర్లకూ జవాబుదారీ కావాలి.