పుట్టిన సంవత్సరం అడిగాకే మాట కలిపే భాష

హనోయ్‌లో కొత్తగా పరిచయమైన మనిషి, పేరు చెప్పుకోగానే మీరు ఏ సంవత్సరంలో పుట్టారని అడిగితే అది కూపీ లాగడం కాదు. ఆ సంగతి తేలితే తప్ప మీతో ఏ వరస కలపాలో ఆయనకు తెలియదు. వరస కలవకపోతే మాట సాగదు. వియత్నాం వాళ్ల రోజువారీ మాటల్లో ‘నేను’, ‘నువ్వు’ అనే చోట్ల చుట్టరికం పదాలే వస్తాయి. కాస్త పెద్దవాడైన మగమనిషి ‘అయిన్’, అంటే అన్న. ఆడమనిషైతే ‘చి’, అక్క. తనకంటే చిన్నవాళ్లు ఆడైనా మగైనా ‘ఎమ్’. నాన్న కన్నా చిన్నవాడిలా కనిపించే పరాయి మనిషి ‘చూ’, మన బాబాయి. నాన్న కన్నా పెద్దవాడైతే ‘బాక్’, పెదనాన్న. హో చి మిన్‌ను అక్కడ ‘బాక్ హో’ అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో అది ‘అంకుల్ హో’ అయి, మీ నాన్న కన్నా పెద్దవాడన్న గౌరవం జారిపోయింది. తెలుగులో ‘హో పెదనాన్న’ అంటే ఆ అర్థం చెక్కుచెదరదు. ఈ విషయంలో ఇంగ్లీషు అనువాదకుడి కన్నా మనం అదృష్టవంతులం.

అయితే ఆ అదృష్టం కొంత దూరమే. ‘ఎమ్ హోయ్ అయిన్’ అనే చిన్న వాక్యం చూడండి. ‘హోయ్’ అంటే అడగడం. మాట వరసకు ‘చెల్లి అడుగు అన్న’ అన్నట్టు ఉంటుంది. ఇది చెల్లెలి నోటి నుంచి వస్తే ‘నేను నిన్ను అడుగుతున్నా’ అని. అన్న అంటే ‘నువ్వు నన్ను అడుగుతున్నావు’ అని. పక్కింటామె ఆ ఇద్దరి గురించి చెబుతుంటే ‘ఆమె అతన్ని అడుగుతోంది’ అని. క్రియ మాత్రం ఎక్కడా మారదు. మన క్రియ అలా కాదు, ‘అడిగాను, అడిగావు, అడిగారు, అడిగింది’ అంటూ ఎవరు చేశారో తోకలోనే చెప్పేస్తుంది. కాబట్టి తెలుగులోకి తెచ్చేవాళ్లు మాట్లాడేది ఎవరో, ఆడో మగో ముందే తేల్చుకోక తప్పదు. ‘ఎమ్’ చెల్లా తమ్ముడా అన్నది మూలంలో పది పేజీల దాకా దాచిపెట్టవచ్చు. తెలుగులో ఆ గుట్టు ‘వచ్చారు’ అనే గౌరవ రూపం ఒక్కటే కాపాడుతుంది. కానీ చిన్నవాళ్లను ‘వచ్చారు’ అంటే వినడానికి అసహజంగా ఉంటుంది.

పదానికి పదం పెట్టేస్తే ఏమవుతుందో ఆఫీసులో మాట్లాడుకునే ఇద్దరిని ఊహించుకుంటే తెలుస్తుంది. ఇరవై ఏడేళ్ల లాన్, తనకంటే రెండేళ్లు పెద్దదైన సహోద్యోగితో, ఆ ఫైలు నేను రేపు పంపిస్తానంటుంది. ‘నేను’ చోట ఆమె వాడేది ‘ఎమ్’. దాన్ని ‘చెల్లెలు రేపు పంపిస్తుంది’ అని రాస్తే చదివేవాళ్లు బిత్తరపోతారు. తన్ను తాను వరసతో చెప్పుకోవడం మనకూ ఉంది గానీ అది పసిపిల్లల దగ్గరే. ‘అమ్మ ఇప్పుడే వస్తుంది, ఏడవకు నాన్నా’ అంటాం. ‘నాయనమ్మ బజారుకెళ్లి జంతికలు తెస్తుంది’ అంటాం. ఎదిగిన మనిషి ఎదిగిన మనిషితో అలా మాట్లాడితే గారాలు పోయినట్టే.

తెలుగులో వరస కూర్చునే చోటు వాక్యం మొదట్లో లేదు, చివర్లో ఉంది. ‘రేపు పంపిస్తానక్కా’. అంతే, సరిపోయింది. చెల్లి అన్న మాట ఎక్కడా లేకపోయినా ‘అక్కా’ అన్నాక ఆమె చెల్లే. ‘వస్తానన్నా’, ‘చూశా బాబాయ్’, ‘తినవే తల్లీ’ అని సంబోధనను క్రియకు అంటిస్తే వియత్నామీస్ ‘నేను, నువ్వు’లు రెండూ ఒక్క తోకలో ఇమిడిపోతాయి. వాళ్లలా ప్రతి వాక్యంలోనూ పెట్టనక్కర్లేదు. మూడు నాలుగు మాటలకొకసారి పడితే చాలు, మిగతాది ‘నువ్వు’, ‘మీరు’ మోస్తాయి.

అసలు చిక్కు ప్రేమ కథల్లో వస్తుంది. తోడబుట్టినవాళ్లూ ‘అయిన్, ఎమ్’లే, ప్రేమికులూ ‘అయిన్, ఎమ్’లే, మొగుడూ పెళ్లాలూ అవే. అదే ఆఫీసులో ముప్ఫై ఒకటేళ్ల మిన్‌ను లాన్ మొదటి రోజు నుంచే ‘అయిన్’ అంటుంది. అది మర్యాద మాత్రమే. మొదటి అధ్యాయంలో దాన్ని ‘అన్నయ్యా’ అని తెనిగిస్తే, ఎనిమిదో అధ్యాయంలో వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకునేసరికి తెలుగు పాఠకులు పుస్తకం మూసేస్తారు. మన దగ్గర ఆడపిల్ల ‘అన్నయ్యా’ అందంటే ఆ దారి మూసేసినట్టే. అందుకే అనువాదం మొదలుపెట్టే ముందే కథ చివరిదాకా చదివి, ఎవరి మధ్య ఏం జరగబోతోందో తెలుసుకోవాలి. వీళ్లకు మొదట్లో ‘మిన్ గారూ’, ‘మీరు’ పెట్టుకుని, దగ్గరయ్యే కొద్దీ ‘నువ్వు’లోకి దిగడం నయం.

పెళ్లయ్యాక ‘బావా’ అనిపించాలని చెయ్యి లాగుతుంది. మన ఇళ్లలో ఎందరో భార్యలు మొగుణ్ని అలాగే పిలుస్తారు, పైగా వయసులో పెద్దవాడన్న అర్థమూ అందులో ఉంది. కానీ ‘బావ’ వెనకాల మేనత్త కొడుకు, మేనమామ కొడుకు నిలబడి ఉంటాడు. వియత్నాంలో మేనరికం లేదు. మూడు తరాల లోపు రక్తసంబంధీకులు పెళ్లి చేసుకోకూడదని 2014 నాటి వివాహ, కుటుంబ చట్టం చెబుతుంది. మేనత్త పిల్లలైనా, పెదనాన్న పిల్లలైనా అక్కడ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. లాన్ చేత ‘బావా’ అనిపిస్తే వాళ్ల చట్టం ఒప్పుకోని చుట్టరికాన్ని ఆ ఇంట్లోకి తెచ్చినట్టవుతుంది. నేనైతే ‘ఏవండీ’, లేదా ఉత్త ‘నువ్వు’తో సరిపెడతాను.

ఇక పోట్లాట. వియత్నామీస్‌లో ‘తోయ్’ అనే ఇంకో ‘నేను’ ఉంది. ఒకప్పుడు దాని అర్థం రాజుగారి సేవకుడు. ఇవాళ అది సభల్లో, పరాయివాళ్లతో వాడే ఎవరికీ చెందని ‘నేను’. ఇన్నేళ్లూ తన్ను తాను ‘అయిన్’ అని చెప్పుకున్న మిన్, ఓ రాత్రి గొడవలో ‘తోయ్ వెళ్తున్నా’ అంటాడు. అరవడు, తిట్టడు. ఆ ఒక్క అక్షరంతో తాను ఆమెకు ఏమీ కానని చెప్పేశాడు. ‘నేను వెళ్తున్నాను’ అని తెనిగిస్తే మాటలన్నీ ఉంటాయి, ఆ దెబ్బ మాత్రం ఉండదు. దాన్ని తెచ్చుకోవాలంటే నూరు పేజీల ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇల్లు కదిలిన ప్రతిసారీ మిన్ ‘వెళ్లొస్తానే’ అనాలి. మన ఇళ్లలో ‘వెళ్తా’ అనడం అశుభం, ‘వెళ్లొస్తా’ అనాలని పెద్దలు పట్టుబట్టి నేర్పిస్తారు. ఆ రాత్రి అతను ‘మీరు తినండి. నేను వెళ్తున్నాను’ అంటాడు. ‘నువ్వు’ కాస్తా ‘మీరు’ అయింది, ‘వెళ్లొస్తా’లోంచి ‘వస్తా’ పోయింది. లాన్‌కు ఎంత తగిలిందో తెలుగు పాఠకులకూ అంతే తగులుతుంది. లాన్ తిరిగి జవాబిచ్చే చోట ఇంకో ఇబ్బంది ఉంది. ఆమె మొదటి నుంచీ ‘ఏవండీ, మీరు’ అంటూ వచ్చి ఉంటే, కోపంలో వాడుకోవడానికి ‘మీరు’ మిగలదు. అప్పుడు ‘మిన్ గారూ’ అని పేరు పెట్టి పిలిపించడం ఒక దారి.

ప్రాంతం మారితే ఇంకో ఉచ్చు ఉంది. సైగాన్ వైపు ఇంట్లో మొదటి సంతానాన్ని ‘హాయ్’ అంటారు, అంటే రెండు. ఒకటి అనే అంకెను వాళ్లు పిల్లలకు వాడరు, లెక్క రెండు దగ్గరే మొదలవుతుంది. ‘అయిన్ హాయ్’ను ‘రెండో అన్నయ్య’ అని రాశారంటే ఆ అనువాదకుడికి దక్షిణాది ఇల్లు తెలియదన్నమాట. అతను పెద్దన్నయ్య. కథలో ఎక్కడా కనబడని ఇంకో పెద్ద కొడుకు కోసం పాఠకులు వెతుక్కుంటూ కూర్చుంటారు.

వయసును కాదని వరస గెలిచే సందర్భాలూ ఉన్నాయి. పెదనాన్న కొడుకు మీకన్నా ఐదేళ్లు చిన్నవాడైనా, వాళ్ల నాన్న మీ నాన్నకు అన్న కాబట్టి, సంప్రదాయం పాటించే ఉత్తరాది ఇళ్లలో ఆ పిల్లవాడు మీకు ‘అయిన్’. మనకు పెదనాన్న కొడుకైనా చిన్నవాడైతే తమ్ముడే. ముప్ఫై ఏళ్ల మనిషి పాతికేళ్ల వాణ్ని ‘అన్నా’ అంటే తెలుగు పాఠకులు అచ్చుతప్పు అనుకుంటారు. కింద వివరణ ఇవ్వనక్కర్లేదు, ‘వాడు వయసుకి చిన్నోడే గానీ వరసకి అన్న’ అని ఎవరి చేతనైనా ఒక్కసారి అనిపిస్తే చాలు. పొత్తిళ్లలో ఉన్నవాణ్ని చూపించి ‘వరసకి నీకు బాబాయ్ అవుతాడ్రా’ అనే ఊళ్లు మనవి.