కొన్న ధర మార్కెట్‌కి తెలియదు

మంగళవారం మధ్యాహ్నం ఒక షేరు 500 దగ్గర కొన్నాను, మొత్తం వంద. ఆరు వారాలుగా 470కీ 498కీ మధ్యే తిరుగుతున్న ఆ షేరు ఆ రోజు మంచి వాల్యూమ్‌తో గీత దాటింది. అంతకుముందు చివరిసారి కిందికి వచ్చినప్పుడు 483 దగ్గర ఆగి మళ్లీ లేచింది కాబట్టి స్టాప్‌లాస్ 480లో పెట్టాను. టార్గెట్ 540. పోతే రెండు వేలు, వస్తే నాలుగు వేలు. బుధవారం ధర 512 దాకా వెళ్లింది. ఫోన్ తీసి, ట్రిగ్గర్ ప్రైస్ గడిలో ఉన్న 480 చెరిపి 500 కొట్టాను. పక్కనే కూర్చున్న మా తమ్ముడు చూసి, "ఇంక దిగులు లేదన్నయ్యా, కాస్ట్‌కి తెచ్చేశావ్, ఇది ఫ్రీ ట్రేడే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

గురువారం పొద్దున షేరు 503లో తెరుచుకుంది. పది గంటలు కాకముందే 496కి దిగింది. దారిలో నా వంద షేర్లూ అమ్ముడైపోయాయి. 480 దరిదాపులకి కూడా రాలేదు. తర్వాతి బుధవారానికి అదే షేరు 541 తాకింది.

డైరీలో ఆ ట్రేడ్ ఎదురుగా నేను రాసుకున్నది సున్నా. నష్టమొస్తే ఎర్ర సిరాతో రాస్తాను, రాత్రి కూర్చుని ఎందుకొచ్చిందో చూసుకుంటాను. సున్నా వచ్చిన ట్రేడ్‌ని మాత్రం ఎప్పుడూ తిరిగి చూడలేదు. రావలసిన నాలుగు వేలు రాలేదన్న సంగతి ఏ లెక్కలోనూ పడలేదు. స్టాప్‌ని తొందరపడి కొన్న ధరకి తెచ్చేసే అలవాటు ఏళ్ల తరబడి సాగిపోవడానికి కారణం ఇదే. దాని నష్టం నష్టంలా కనిపించదు.

ఆ రోజు నా స్టాప్ ఎక్కడ పడిందో చూడండి. 470-498 గీతల మధ్య ఇరుక్కున్న షేరు పైకి దాటాక, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఆ గీత దాకా వస్తుంది. దీన్నే రీటెస్ట్ అంటారు. బ్రేకౌట్‌లో త్వరగా కొన్నవాళ్లు కొంత లాభం తీసుకుంటారు. పాత గీతల మధ్య కొని విసిగిపోయినవాళ్లు ఇప్పుడైనా బయటపడదామని అమ్ముతారు. అవకాశం జారవిడుచుకున్నవాళ్లు గీత దగ్గర దొరికితే కొందామని కాచుకుని ఉంటారు. ఈ ముగ్గురి వ్యవహారం తేలేది 498-500 దగ్గరే. నేను కొన్నదీ 500లోనే. అంటే ధర మామూలుగా తిరిగి రావలసిన చోటే నేను తలుపు మూసి కూర్చున్నాను.

480కి ఒక అర్థం ఉంది. అక్కడికి దిగితే 483 దగ్గర కనిపించిన కొనుగోళ్లు ఇప్పుడు లేవని, నా అంచనా తప్పని తేలుతుంది. 500కి అలాంటి అర్థమేమీ లేదు. ఆ అంకె నా ఒక్కడికే ముఖ్యం. డానియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ 1979లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చెప్పింది ఇలాంటి సంగతే. మనిషి లాభనష్టాలను మొత్తం ఆస్తితో పోల్చి చూడడు, ఏదో ఒక ఆనవాలు అంకెతో పోల్చి చూస్తాడు. షేరు కొన్నవాడికి ఆ ఆనవాలు కొన్న ధర. ఆ గీతకి పైన ఉన్నంతసేపు చేతికొచ్చింది జారిపోతుందేమోనని భయపడతాడు. టెరెన్స్ ఓడీన్ 1998లో ఒక డిస్కౌంట్ బ్రోకర్ దగ్గరి పదివేల ఖాతాలు తిరగేసి, జనం నష్టంలో ఉన్న షేర్ల కంటే లాభంలో ఉన్నవాటిని తొందరగా అమ్ముకుంటున్నారని చూపించాడు. స్టాప్‌ని కాస్ట్‌కి తేవడం కూడా అదే తొందర. కాకపోతే ఇక్కడ క్రమశిక్షణ పేరు పెట్టుకుంటుంది.

మార్కెట్‌ని కాసేపు పక్కన పెట్టి, ఒక రూపాయి బిళ్లతో ఈ ఆట ఆడి చూడవచ్చు. 500 దగ్గర మొదలుపెట్టండి. బొమ్మ పడితే పది పైకి, బొరుసు పడితే పది కిందికి. 540 చేరితే నాలుగు వేలు గెలిచినట్టు, 480 చేరితే రెండు వేలు పోయినట్టు. ఇలాంటి ఆటలు అరవై ఆడితే, సగటున ఇరవై గెలుస్తాం, నలభై ఓడతాం. ఎనభై వేలు వస్తాయి, ఎనభై వేలు పోతాయి. ఇప్పుడు ఒక్క నియమం కలపండి: 510 తాకగానే స్టాప్ 500కి. ఈసారి అరవైలో గెలుపులు పదే, ఓటములు ఇరవై, మిగతా ముప్పై సున్నాలు. నలభై వేలు వచ్చి నలభై వేలు పోయాయి. మొత్తం ఫలితం మారలేదు. నియమాన్ని 510 దగ్గర కాక 520 దగ్గర అమలు చేస్తే గెలుపులు పదిహేను, ఓటములు ముప్పై, సున్నాలు పదిహేను. అప్పుడూ అంతే.

ఓటములు నలభై నుంచి ఇరవైకి తగ్గాయి కాబట్టి మనసుకి ఎంత హాయిగా ఉంటుందో ఊహించవచ్చు. కానీ గెలుపులు కూడా సరిగ్గా సగమయ్యాయి. స్టాప్ జరపడం వల్ల డబ్బు పుట్టలేదు, డైరీ కనిపించే తీరు మారిందంతే. ఇక సున్నా అనుకున్నది కూడా నిజానికి సున్నా కాదు. డెలివరీకి కొన్న యాభై వేల షేర్లకు కొనేటప్పుడు యాభై, అమ్మేటప్పుడు యాభై రూపాయలు ఎస్‌టీటీ కిందే పోతాయి. స్టాంపు డ్యూటీ, ఎక్స్చేంజి చార్జీలు, డీమ్యాట్ చార్జీ వేరు. పైగా బయటపడ్డవాడు ఊరుకోడు. షేరు మళ్లీ లేస్తుంటే 515లో కొంటాడు, చార్జీలు మళ్లీ కడతాడు.

రూపాయి బిళ్లకి పక్షపాతం లేదు కాబట్టి లెక్క సమానంగా తేలింది. మనం ట్రేడ్ చేసేదే బిళ్ల కాస్త మనవైపు మొగ్గి ఉందన్న నమ్మకంతో. ఆ నమ్మకం నిజమైతే లెక్క మారిపోతుంది. ధర 510కి వెళ్లి మళ్లీ 500కి వచ్చిందనుకోండి. ఆ నిమిషాన మన ముందున్నదేమిటి? 500లో షేరు, 480లో స్టాప్, 540లో టార్గెట్. మంగళవారం మనం ఇష్టపడి కొన్న ట్రేడ్ అచ్చంగా ఇదే. మంగళవారం కొనదగినదైతే గురువారం అమ్మదగినది ఎందుకైంది? అలా తిరిగొచ్చిన ముప్పై ట్రేడ్లలో, మన పద్ధతికి కొంచెం బలం ఉండి, పది కాక పన్నెండు 540కి వెళ్లేవనుకుందాం. వాటి మీద నలభై ఎనిమిది వేలు వచ్చేవి, మిగతా పద్దెనిమిది మీద ముప్పై ఆరు వేలు పోయేవి. తేడా పన్నెండు వేలు. ముప్పై సున్నాల కింద కప్పడిపోయిన డబ్బు అది. పద్ధతి ఎంత మంచిదైతే ఈ అలవాటుకి మనం కట్టే ధర అంత పెరుగుతుంది.

దీనికి ఎదురువాదం ఒకటుంది, అది బలమైనదే. తిరిగొచ్చిన షేరు కొన్న రోజు షేరులాంటిది కాకపోవచ్చు. బ్రేకౌట్ రోజుకంటే ఎక్కువ వాల్యూమ్‌తో 498 కిందికి పడి, రోజు ముగిసేసరికి పాత గీతల మధ్యే ఉండిపోతే, బ్రేకౌట్ విఫలమైందనడానికి అది గట్టి గుర్తు. అప్పుడు బయటపడటం సబబు. అయితే అక్కడ మనం బయటపడింది ముగింపు ధరనీ వాల్యూమ్‌నీ చూసి. మన కొనుగోలు రసీదు మీది అంకెని చూసి కాదు. నా గురువారం రోజు షేరు 496 తాకినా, వాల్యూమ్ పలచగా ఉంది, ముగింపు 505లో జరిగింది. అంటే పాత గీత నిలబడింది.

ధర మామూలు ఊపు ఎంతో తెలిస్తే, జరిపిన స్టాప్ ఆ ఊపులోనే ఉందా, బయట ఉందా అన్నది ముందే పోల్చుకోవచ్చు. దీనికి వెల్స్ వైల్డర్ 1978 నాటి తన పుస్తకంలో ఇచ్చిన ఏటీఆర్ ఇప్పటికీ చాలు. రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడాని, ముందురోజు ముగింపు నుంచి వచ్చిన గ్యాప్‌ని కూడా కలుపుకుని, సాధారణంగా పద్నాలుగు రోజులకు సగటు కడతారు. ఏ చార్టులోనైనా ఒక్క నొక్కుతో వస్తుంది. నా షేరుకి అది 14 రూపాయలు. 512లో ఉన్న ధరకి పన్నెండు రూపాయల కింద స్టాప్ పెట్టానంటే, ఏ వార్తా లేని మామూలు రోజు కూడా దాన్ని కొట్టేయగలదు.

మీ అలవాటు మీకు మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అన్నది నా లెక్కతో తేలదు, మీ డైరీతోనే తేలుతుంది. కాస్ట్‌లో బయటపడ్డ ప్రతి ట్రేడ్ పక్కన ఒక గడి కలపండి. బయటపడ్డాక కూడా ఆ షేరుని వదలకుండా చూసి, మొదట అనుకున్న స్టాప్‌కి ముందు వెళ్లిందా, టార్గెట్‌కి ముందు వెళ్లిందా అన్నది ఆ గడిలో రాయండి. టార్గెట్ రిస్క్‌కి రెట్టింపు అయితే, చేజారిన ఒక్కో గెలుపుకి కనీసం రెండు ఓటములు తప్పి ఉండాలి. మూడు రెట్లయితే మూడు. పది ట్రేడ్లతో తొందరపడి తేల్చకూడదు, ముప్పై నలభై పోగయ్యాక అంకెలు మాట్లాడటం మొదలుపెడతాయి. 1990లలో జాన్ స్వీనీ గెలిచిన ట్రేడ్లు గెలవకముందు ఎంత లోతుకి దిగాయో కొలవమన్నాడు. అదే గడిలో ఆ అంకె కూడా రాస్తే, గెలిచే ట్రేడ్‌కి ఎంత చోటు కావాలో మీ సొంత లెక్కల్లోంచే బయటపడుతుంది.

ఈ గడి నింపుతున్నప్పుడు నాకు ఇంకొకటి అర్థమైంది. కాస్ట్‌కి తొందరగా తెచ్చినవన్నీ నేను మామూలు కంటే ఎక్కువ షేర్లు కొన్న ట్రేడ్లే. రెండు వేలు పోతాయంటే గుండె దడదడలాడుతుంటే, యాభై షేర్లు కొని 480 స్టాప్‌ని అలాగే ఉంచడం మేలు. అప్పుడు భయం సగమవుతుంది, ట్రేడ్‌కి ఊపిరి ఆడే చోటు మాత్రం తగ్గదు.

ఇక స్టాప్ అసలు జరపకూడదా అంటే, జరపాలి. ఆ గురువారం 496 నుంచి లేచిన షేరు శుక్రవారం 522 దాకా వెళ్లింది, సోమవారం 511కి దిగి ఆగింది, మంగళవారం 522ని దాటేసింది. 511 దగ్గర కొత్త మెట్టు ఏర్పడిందని అప్పుడు చార్టే చెప్పింది. ఆ మెట్టు విరిగితే ఎత్తుగడ విరిగినట్టే కాబట్టి స్టాప్ 508కి రావాలి. కొన్న ధరకంటే అది ఎనిమిది రూపాయలు పైనే ఉంది. మర్నాడు షేరు 541 తాకే దారిలో 519 కిందికి రాలేదు.