మూడో వారంలో రాజీనామా

ఆటోమేషన్ టెస్టింగ్ అని చెప్పి తీసుకున్నారు. చేరాక రాత్రి షిఫ్టులో కస్టమర్ల ఫిర్యాదులు చూసే సపోర్ట్ టీమ్‌లో వేశారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు తరచూ ఎదురయ్యే పరిస్థితే ఇది. జూన్ 2న చేరిన ఒక అమ్మాయి సంగతి అనుకుందాం. టీమ్ మార్చమని అడిగింది, కుదరదన్నారు. మూడో వారం ముగిసేసరికి మానేయాలని తేల్చుకుంది. ఇక ఎలా మానేయాలన్నదే ప్రశ్న.

ముందు తీయాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్. అందులో ప్రొబేషన్ అన్న పేరా కింద నోటీసు గడువు విడిగా ఉంటుంది. పర్మనెంట్ అయినవాళ్లకు రెండు మూడు నెలలు పెట్టే కంపెనీలు కూడా ప్రొబేషన్‌లో చాలాసార్లు పదిహేను రోజులో నెలో పెడతాయి. జాయినింగ్ బోనస్ తీసుకుని ఉంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది. ఆ డబ్బు వాళ్లు అడిగేదాకా ఆగకుండా, ఎలా కట్టమంటారని మనమే ముందు అడగడం మర్యాద.

మెయిల్ కొట్టేముందు మేనేజర్‌కు నోటితో చెప్పాలి. ఐదు నిమిషాల మాట చాలు. తన టీమ్ మనిషి వెళ్లిపోతున్న సంగతి ఆయనకు హెచ్‌ఆర్ ద్వారా తెలియడం బాగుండదు. రిఫర్ చేసిన మిత్రుడు ఉంటే, ఆ వెంటనే అతనికీ చెప్పాలి. చాలాచోట్ల రిఫరల్ బోనస్ కొత్త మనిషి కొన్ని నెలలు నిలిచాకే చేతికొస్తుంది. అతనికి పోయేది పరువొక్కటే కాదు.

తర్వాత అదే రోజు, అంటే జూన్ 23న, హెచ్‌ఆర్‌ను కూడా కలిపి పంపే మెయిల్. తెలుగులో దాని సారాంశం ఇంతే:

“జూన్ 2న చేరిన నేను ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నేను చేయాలనుకుని వచ్చిన పని, ఇక్కడ నాకు అప్పగించిన పని వేరని ఈ మూడు వారాల్లో అర్థమైంది. ప్రొబేషన్ నిబంధన ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇస్తున్నాను. జులై 8 నా ఆఖరి రోజు అవుతుంది. అప్పటిదాకా నా చేతిలో ఉన్న పని పూర్తిచేసి అప్పగిస్తాను. అవకాశం ఇచ్చినందుకు, పని నేర్పడానికి సమయం పెట్టినందుకు కృతజ్ఞతలు.”

మోసం చేశారని ఇందులో లేదు, అలాగని కారణం దాచలేదు. షిఫ్టు గురించి, టీమ్ లీడ్ మాటతీరు గురించి రాస్తే అది ఫైల్లో ఉండిపోతుంది. పైగా ప్రతి ఫిర్యాదుకూ ఒక జవాబు, దానికో మీటింగ్. ఆ పదిహేను రోజులూ వాదనతోనే గడుస్తాయి. జీతం ఎగ్గొట్టడం, వేధింపుల లాంటివి జరిగి ఉంటే అది వేరే ఉత్తరం, మొహమాటం లేకుండా రాయాల్సిందే.

ఇక అందరికీ తట్టే అబద్ధం ఒకటుంది: అమ్మకు ఒంట్లో బాగోలేదు. నా దృష్టిలో ఇంతకంటే దండగమారి ఎత్తు లేదు. ఆరోగ్యం అనగానే మంచి మేనేజర్ సెలవిస్తానంటాడు, ఇంటి నుంచే పని చేయమంటాడు. అప్పుడేం చెప్తారు? నెల తిరక్కుండా కొత్త కంపెనీ పేరు లింక్డ్‌ఇన్‌లో కనపడితే, పెట్టిన దయ కాస్తా కోపంగా మారుతుంది.

ఇంత త్వరగా మానేస్తే కంపెనీకి అన్యాయం చేసినట్టేనా? నష్టమైతే ఉంటుంది. కానీ మూడో వారంలో చెబితే, ఇంటర్వ్యూలో రెండో స్థానంలో నిలిచినవాళ్లు ఇంకా దొరికే అవకాశం ఉంది. కన్సల్టెన్సీ ద్వారా తీసుకుని ఉంటే, మొదటి రెండు మూడు నెలల్లో మనిషి వెళ్లిపోతే వేరొకరిని ఉచితంగా చూపించాలన్న ఒప్పందం చాలాసార్లు ఉంటుంది. ఐదో నెలలో, ప్రాజెక్టు మధ్యలో వెళ్లిపోవడం వాళ్లకు ఇంతకంటే బరువు.

అన్నిటికంటే చెడ్డది చెప్పకుండా మాయమవడం. ఫోన్ ఎత్తకపోతే రికార్డులో ‘అబ్‌స్కాండింగ్’ అని పడుతుంది, రిలీవింగ్ లెటర్ రాదు. రెజ్యూమెలో ఆ కంపెనీ పేరు రాయకపోతే సరిపోతుందనుకుంటారు. పీఎఫ్ ఒక్క నెల జమైనా మన యూఏఎన్ కింద ఆ కంపెనీ పేరు, చేరిన తేదీ ఉంటాయి. తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. రెజ్యూమెలో మూడు వారాల కొలువు వదిలేసినా ఫరవాలేదు కానీ, ఇంతకుముందు చేసిన ఉద్యోగాలన్నీ రాయమనే వెరిఫికేషన్ ఫారంలో మాత్రం రాయాలి.

అందుకే జులై 8న ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించి రసీదు మెయిల్ తీసుకోవాలి. రాజీనామా ఆమోదించినట్టు, ఆఖరి తేదీ ఇదని మెయిల్లో రాయించుకుని సొంత మెయిల్‌కు కాపీ పంపమని అడగాలి, ఎందుకంటే ఆఫీస్ మెయిల్ ఆ సాయంత్రమే ఆగిపోతుంది. పీఎఫ్ ఖాతాలో ఆఖరి తేదీ కంపెనీ నమోదు చేయాలి. చేయకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్‌ఓ పోర్టల్లో ఆధార్ ఓటీపీతో ఆ అమ్మాయే నమోదు చేసుకోవచ్చు.