గోల్‌కు ముందు బంతి నడిచిన దారి

2022 డిసెంబర్ 18, లుసైల్ స్టేడియం. ప్రపంచకప్ ఫైనల్ 36వ నిమిషంలో అర్జెంటీనా సొంత సగంలో బంతి మాక్ అలిస్టర్‌కు దొరికింది. అతను మెస్సీకి ఇచ్చాడు. మెస్సీ దాన్ని అల్వారెజ్ వైపు మళ్లించాడు. అల్వారెజ్ ఆలస్యం చేయకుండా ఫ్రాన్స్ రక్షణ వెనక ఉన్న ఖాళీలోకి పంపాడు. అప్పటికే అక్కడికి పరుగెత్తుకొచ్చిన మాక్ అలిస్టర్ ఎడమవైపున్న డి మరియాకు అందించాడు. గోల్!

రికార్డులో మిగిలింది రెండు పేర్లే. గోల్ డి మరియాది, అసిస్ట్ మాక్ అలిస్టర్‌ది. బంతిని మైదానం మధ్య నుంచి గోల్ ముంగిటకు చేర్చిన అల్వారెజ్ పాస్‌కు ఏ గడిలోనూ చోటు లేదు. షాట్ ఎంత మంచి అవకాశమో లెక్కగట్టే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ పద్ధతి కూడా షాట్ కొట్టాకే మొదలవుతుంది. ఆ షాట్ దాకా బంతిని తెచ్చినవారి సంగతి దానికి పట్టదు.

ఈ లోటు తీర్చడానికి పుట్టినవే బంతి స్వాధీనానికి విలువ కట్టే పద్ధతులు. 2011లోనే శారా రడ్ అనే విశ్లేషకురాలు ఆటను స్థితుల మధ్య సాగే గొలుసుగా చూసి, ఒక్కో చర్యకు విలువ కట్టే దారి చూపింది. 2019లో కరుణ్ సింగ్ వివరించిన ఎక్స్‌పెక్టెడ్ థ్రెట్ ఆ ఆలోచనను సులువు చేసి అభిమానుల దాకా తెచ్చింది.

అందులో మైదానాన్ని పొడవున 16, వెడల్పున 12 చొప్పున 192 గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడి సుమారు ఆరున్నర మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. ఒక సీజన్ మ్యాచ్‌లన్నీ తిరగేసి, ప్రతి గడి గురించి కొన్ని ప్రశ్నలు వేస్తారు. అక్కడ బంతి ఉన్నవాళ్లు ఎంత తరచుగా షాట్ కొట్టారు? కొట్టినప్పుడు ఎన్ని గోల్ అయ్యాయి? కొట్టకుండా పాస్ ఇస్తేనో, బంతితో పరుగెత్తితేనో అది ఏ గడికి చేరింది, ఎన్నిసార్లు చేజారింది?

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహాత్మక గడిని తీసుకుందాం. అక్కడ నూటికి 20 సార్లు షాట్ కొడతారు, అందులో పదింట ఒకటి గోలవుతుంది. అంటే షాట్ల వల్ల వచ్చే విలువ 0.02. మిగిలిన 80 సార్లు బంతిని ముందుకు కదుపుతారు. అందులో సగం చేజారుతుంది, సగం 0.05 విలువ ఉన్న గడికి చేరుతుంది. అది మరో 0.02. రెండూ కలిపితే ఆ గడి విలువ 0.04. అక్కడ బంతి ఉంటే, త్వరలో గోల్ వచ్చే అవకాశం నూటికి నాలుగు అన్నమాట. 0.01 విలువ ఉన్న చోటు నుంచి బంతిని అక్కడికి చేర్చిన ఆటగాడి ఖాతాలో 0.03 పడుతుంది.

ఇక్కడొక చిక్కుంది. ఈ గడి విలువ తెలియాలంటే పక్క గడి విలువ ముందే తెలియాలి, దానికి ఇంకో గడిది. అందుకని మొదట అన్నిటికీ సున్నా పెట్టి లెక్క మొదలుపెడతారు. తొలి విడతలో షాట్ కొట్టే చోట్లకే విలువ వస్తుంది. రెండో విడతలో వాటికి ఒక్క పాస్ దూరంలో ఉన్న గళ్లకు. అలా నాలుగైదు విడతలు తిప్పేసరికి అంకెలు దాదాపు నిలకడకొస్తాయి. సొంత గోల్ దగ్గరి గళ్లలో విలువ ఒక శాతం కన్నా తక్కువ, ఎదుటి గోల్ ముందు పాతిక శాతం దాకా ఉంటుంది.

ఇప్పుడు అల్వారెజ్ పాస్‌కు అంకె దొరుకుతుంది. అయితే అంతకుముందు మెస్సీ పాస్‌కు దక్కేది చాలా తక్కువ. అది బయల్దేరిన చోటు, చేరిన చోటు రెండూ మైదానం నడుమే, వాటి విలువల్లో తేడా కొంచెమే. ఫ్రాన్స్ ఆటగాళ్లు అప్పటికి ముందుకొచ్చేసి ఉన్నారని, వెనక మైదానం ఖాళీగా ఉందని ఈ గళ్లకు తెలియదు. పది మంది కాపు కాస్తున్నా, ఒక్కరూ లేకున్నా గడి విలువ ఒకటే. ఈ పద్ధతికి ఇదే పెద్ద లోపం. ఇంకొకటీ ఉంది: ఆటగాళ్లకు మార్కులు వేసేటప్పుడు చాలామంది చేరిన పాస్‌లనే కూడతారు. అలా చేస్తే పదిసార్లు సాహసించి తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకున్నవాడు కూడా పట్టికలో పైకెక్కుతాడు.

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2019లో ప్రకటించిన వీఏఈపీ పద్ధతి ఈ రెండో లోపాన్ని సరిచేసింది. తర్వాతి పది చర్యల్లో గోల్ కొట్టే అవకాశం ఎంత పెరిగిందో చూడటంతో ఆగకుండా, గోల్ ఇచ్చుకునే ప్రమాదం ఎంత పెరిగిందో కూడా చూసి తీసివేస్తుంది. తప్పిన పాస్‌కు మార్కులు కోస్తుంది. ముందటి చర్యలను కూడా గమనిస్తుంది కాబట్టి, బంతి వేగంగా వచ్చిందా, నిదానంగా వచ్చిందా అన్నది కొంత పసిగడుతుంది.

మెస్సీ పాస్‌కు తగిన విలువ కట్టాలంటే మాత్రం 22 మంది ఎక్కడున్నారో తెలియాలి. స్టేడియం కెమెరాలు సెకనుకు ఎన్నోసార్లు నమోదు చేసే స్థానాల సమాచారంతో హవియర్ ఫెర్నాండెజ్, లూక్ బోర్న్, డాన్ సర్వోన్ 2019లో అలాంటి నమూనా తయారుచేశారు. బంతి లేకుండా పరుగెత్తి, ప్రత్యర్థిని తన వెంట లాక్కుపోయి, సహచరుడికి చోటిచ్చినవాడి పని అందులో కనబడే వీలుంది. కానీ అంతటి సమాచారం ఎక్కువగా పెద్ద లీగుల క్లబ్బుల చేతుల్లోనే ఉంటుంది. మిగిలినవాళ్లు ఇప్పటికీ ఆ 192 గళ్ల పట్టికనే ముందేసుకుని, అది చూపని ఖాళీలను మ్యాచ్ వీడియోలో వెతుక్కుంటారు.