లేబుల్ ఊడిన సీసాలో ఏముంది?

ప్రయోగశాల బీరువాలో ఓ మూల లేబుల్ ఊడిపోయిన సీసా దొరికిందనుకుందాం. లోపల రంగులేని ద్రవం. మూలకాల విశ్లేషణ, అణుభారం కలిపి చూస్తే ఫార్ములా C₄H₈O అని తేలింది. పేరు మాత్రం తెలియదు.

ఫార్ములాయే మొదటి ఆధారం ఇస్తుంది. నాలుగు కర్బనాలు, ఒక ఆక్సిజన్ ఉన్న అణువు తనకు పట్టినన్ని హైడ్రోజన్లు నింపుకుంటే అవి పది ఉండాలి. ఇక్కడ ఎనిమిదే ఉన్నాయి. రెండు తగ్గాయంటే అణువులో ఎక్కడో ఒక ద్విబంధం ఉండాలి, లేదా గొలుసు కొనలు కలిసి వలయం కట్టి ఉండాలి. ఈ ఫార్ములాతో చాలా పదార్థాలే ఉన్నా, మనం నలుగురు అనుమానితులను నిలబెడదాం. బ్యూటనాల్ అనే ఆల్డిహైడ్, బ్యూటనోన్ అనే కీటోన్, కర్బనాల మధ్య ద్విబంధం ఉన్న 3-బ్యూటీన్-2-ఆల్ అనే ఆల్కహాల్, వలయం కట్టుకున్న టెట్రాహైడ్రోఫ్యూరాన్. నలుగురిలోనూ అవే పదమూడు పరమాణువులు. తేడా అంతా వాటి అమరికలోనే, అంటే ప్రమేయ సమూహంలోనే ఉంది. ఆ తేడాను మూడు పరీక్షనాళికలతో పట్టుకోవచ్చు.

మొదటి నాళిక: అద్దం పడుతుందా?

జర్మన్ రసాయన శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ టోలెన్స్ పేరుతో పిలిచే కారకంతో మొదలుపెడదాం. శుభ్రంగా కడిగిన నాళికలో 5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం 2 మిల్లీలీటర్లు తీసుకుని, ఒక చుక్క సోడియం హైడ్రాక్సైడ్ వేస్తాం. గోధుమరంగు సిల్వర్ ఆక్సైడ్ అడుగున దిగుతుంది. ఇప్పుడు పలచని అమ్మోనియాను చుక్క చుక్కగా వేస్తూ నాళికను ఊపుతాం. ఆ గోధుమరంగు అవక్షేపం కరిగీ కరగగానే ఆపేయాలి. అమ్మోనియా ఎక్కువైతే వెండి దాని పట్టులోనే గట్టిగా ఉండిపోయి కారకం మందగిస్తుంది.

అసలు అమ్మోనియా ఎందుకు? అది లేకపోతే క్షార ద్రావణంలో వెండి ఆక్సైడ్‌గా అడుక్కి చేరిపోతుంది. అమ్మోనియా వెండి అయాన్లను పట్టుకుని ద్రావణంలో నిలుపుతుంది, ఆల్డిహైడ్ వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. అలా నిదానంగా వదలడం వల్లే వెండి పొడిగా రాలిపోకుండా గాజుకు పొరలా అంటుకుంటుంది.

ఆల్డిహైడ్‌లో ఆక్సిజన్ పట్టుకున్న కర్బనం మీద ఒక హైడ్రోజన్ ఉంటుంది. ఆ కర్బనం సులువుగా ఆక్సీకరణ చెంది ఆమ్లం (ఇక్కడ దాని లవణం) అవుతుంది. ఆ క్రమంలో అది వదిలిన ఎలక్ట్రాన్లను వెండి అయాన్లు తీసుకుని లోహమవుతాయి. కీటోన్‌లో అదే కర్బనానికి రెండు పక్కలా కర్బనాలే ఉంటాయి. అక్కడ ఆక్సీకరణ జరగాలంటే కర్బనాల బంధం తెగాలి. అంత పని ఈ సున్నితమైన కారకం చేయలేదు.

మన ద్రవం రెండు మూడు చుక్కలు కలిపి, సుమారు 60 డిగ్రీల వేడినీటి గిన్నెలో కొద్ది నిమిషాలు నిలబెడతాం. నేరుగా మంట మీద పెట్టకూడదు. పక్కనే మరో నాళికలో గ్లూకోజ్ ద్రావణం వేసి ఇదే పని చేస్తాం. గ్లూకోజ్ నాళికలో వెండి అద్దం మెరిసింది. మన నాళికలో ఏమీ లేదు. గ్లూకోజ్‌తో అద్దం పడింది కాబట్టి కారకం బాగానే పనిచేస్తోందన్నమాట. అందుకే ఈ ‘లేదు’ను నమ్మవచ్చు. బ్యూటనాల్ జాబితా నుంచి పోయింది.

ఇక్కడ రెండు చోట్ల మోసపోతాం. నాళికకు జిడ్డు ఉంటే అద్దానికి బదులు బూడిదరంగు, నల్లని పొడి వస్తుంది. అదీ వెండే, దాన్ని ‘అవును’గానే లెక్కపెట్టాలి. రెండోది, అద్దం పట్టించిందల్లా ఆల్డిహైడ్ కాదు. ఫ్రక్టోజ్ కీటోనే అయినా, క్షారంలో తన అమరిక మార్చుకోగలదు కాబట్టి అద్దం చూపిస్తుంది.

పని అయ్యాక ఈ కారకాన్ని సీసాలో దాచకూడదు. నిలవ ఉంటే అందులో ముట్టుకుంటే పేలే వెండి సమ్మేళనాలు తయారవుతాయి. అప్పటికప్పుడు చేసుకుని, మిగిలింది పలచని నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి పారబోయాలి.

రెండో నాళిక: పసుపు, ఆసుపత్రి వాసన

మిగిలింది ముగ్గురు. ఇప్పుడు అయొడోఫారం పరీక్ష. ఆస్ట్రియాకు చెందిన అడాల్ఫ్ లీబెన్ 1870లో దీన్ని ఒక పరీక్షగా ప్రచారంలోకి తెచ్చాడు. మన ద్రవం నాలుగైదు చుక్కలు నీటిలో వేసి, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఒక మిల్లీలీటరు కలిపి, అయొడిన్–పొటాషియం అయొడైడ్ ద్రావణాన్ని చుక్కలుగా పోస్తాం. ముదురు గోధుమరంగు పడ్డ చుక్క పడ్డట్టే మాయమవుతుంటుంది. కొంచెం రంగు నిలిచేదాకా పోసి, గోరువెచ్చగా చేసి, మిగిలిన రంగును మరో చుక్క క్షారంతో పోగొట్టి, నీరు కలిపి ఆగుతాం. లేత పసుపు అవక్షేపం దిగింది. పాతకాలపు ఆసుపత్రుల్లో గాయాలకు వాడిన మందు వాసన అదే.

ఈ పసుపు ఒక ప్రత్యేకమైన అమరికను చెబుతుంది. ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కర్బనానికి పక్కనే మిథైల్ సమూహం ఉండాలి, అంటే CH₃CO. క్షారం ఆ మిథైల్ నుంచి హైడ్రోజన్లను ఒక్కొక్కటిగా లాగుతుంది, ఖాళీ అయిన చోట అయొడిన్ కూర్చుంటుంది. మూడు అయొడిన్లూ చేరాక ఆ కర్బనం మోయలేని బరువైపోతుంది. క్షారం దెబ్బకు బంధం తెగి, అది CHI₃గా, అంటే అయొడోఫారంగా రాలిపోతుంది. మిగతా అణువు ఆమ్ల లవణమవుతుంది.

CH₃CH(OH) అమరిక ఉన్న ఆల్కహాల్ కూడా ఇదే జవాబు ఇస్తుంది. అయొడిన్, క్షారం కలిసి ముందు దాన్ని ఆక్సీకరించి CH₃COగా మారుస్తాయి, ఆ తరువాత కథ మామూలే. అందుకే మన జాబితాలో ఈ పరీక్ష ఒక్కరినే పట్టివ్వలేదు. టెట్రాహైడ్రోఫ్యూరాన్ పోయింది. బ్యూటనోన్, 3-బ్యూటీన్-2-ఆల్ రెండూ నిలిచాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. తొందరలో నాళికను అసిటోన్‌తో కడిగి ఆరబెట్టే అలవాటు చాలామందికి ఉంది. అసిటోన్‌లోనూ CH₃CO ఉంది. గోడలకంటిన ఆ కొద్దిపాటి అసిటోన్‌కే పసుపు కనిపించి, ఏ సీసాలోని ద్రవమైనా ‘అవును’ అని చెప్పినట్టు ఉంటుంది. అందుకే ద్రవం వేయకుండా, అన్ని కారకాలూ వేసిన ఒక ఉత్త నాళికను పక్కన నడపాలి. అందులోనూ పసుపు వస్తే తప్పు నాళికది.

మూడో నాళిక: ఎంతసేపటికి?

ఇద్దరిని వేరు చేయడానికి బ్రోమిన్ జలం. ఆల్కహాల్‌లో కర్బనాల మధ్య ద్విబంధం ఉంది, కీటోన్‌లో లేదు. ద్విబంధం మీదికి బ్రోమిన్ వచ్చి చేరగానే దాని నారింజరంగు పోతుంది. బ్రోమిన్ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, ద్రవం చర్మాన్ని కాలుస్తుంది. అందుకని పలచని ద్రావణంతో, గాలిని బయటికి లాగే అరలో, చేతి తొడుగులతోనే ఈ పని.

మన ద్రవం నాలుగు చుక్కలు నీటిలో వేసి, బ్రోమిన్ జలం ఒక చుక్క వేసి ఊపాం. రంగు పోలేదు. మరో రెండు చుక్కలు వేశాం. లేత నారింజ అలాగే ఉంది. నాళికను స్టాండులో పెట్టి వేరే పనిలో పడి, కొద్ది నిమిషాల తరువాత తిరిగి చూస్తే రంగు వెలిసిపోతోంది!

తొందరపడితే ‘రంగు పోయింది, ద్విబంధం ఉంది’ అని రాసేస్తాం. మనకు దొరికేది తప్పు పేరు.

బ్యూటనోన్ కూడా బ్రోమిన్‌ను తినగలదు, కాని మరో దారిలో. కీటోన్ అప్పుడప్పుడు తన హైడ్రోజన్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకుని ఈనాల్ అనే రూపం ధరిస్తుంది. ఈనాల్‌లో కర్బనాల మధ్య ద్విబంధం ఉంటుంది. బ్రోమిన్ దానిని వెంటనే పట్టుకుంటుంది. కాని ఒక్కో అణువు ఈనాల్‌గా మారడమే నిదానం. బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ లాప్‌వర్త్ 1904లో అసిటోన్‌తో ఈ సంగతి చూపించాడు. బ్రోమిన్ ఎంత పోసినా చర్య వేగం మారలేదు. అంటే వేగాన్ని నిర్ణయించేది బ్రోమిన్ కాదు, కీటోన్ రూపం మార్చుకోవడం. ఆమ్లం ఆ మార్పును తొందర పెడుతుంది. చర్యలో పుట్టే హైడ్రోజన్ బ్రోమైడే ఆమ్లం కాబట్టి, మొదట్లో నెమ్మదిగా ఉన్న చర్య పోనుపోను వేగం పుంజుకుంటుంది.

సరిచూసుకోవడానికి రెండు కొత్త నాళికలు తీసుకున్నాం. ఒకదానిలో ఉత్త నీరు, ఒకదానిలో మన ద్రవం. రెండింటిలో ఒకేసారి ఒక్కొక్క చుక్క బ్రోమిన్ జలం వేసి గడియారం చూస్తూ కూర్చున్నాం. బ్రోమిన్ ఆవిరైపోయి రంగు తగ్గడం ఎంతో నీటి నాళిక చెబుతుంది. మన ద్రవం మొదటి అరనిమిషంలో నీటికి తేడా లేకుండా ఉంది. వెలిసిపోవడం ఆ తరువాత మొదలైంది. దానికి ఒక చుక్క పలచని ఆమ్లం కలిపితే ఇంకా త్వరగా వెలిసింది. ద్విబంధం ఉన్న ఆల్కహాల్ అయితే ఇంతసేపు ఎదురుచూసే పనే లేదు. చుక్క పడి నాళిక ఊపేలోపు రంగు మాయమవుతుంది, ఆ తరువాతి చుక్కలకూ అదే తంతు.

ఇంకా అనుమానం ఉంటే 2,4-డైనైట్రోఫీనైల్‌హైడ్రజీన్ ద్రావణం నాలుగు చుక్కలు వేయండి. కీటోన్‌కు పసుపు-నారింజ అవక్షేపం వస్తుంది, ఆల్కహాల్‌కు రాదు. మన ద్రవానికి వచ్చింది. ద్రవాన్ని స్వేదనం చేస్తే సుమారు 80 డిగ్రీల దగ్గర మరిగింది. అది బ్యూటనోన్ మరిగే ఉష్ణోగ్రతే. ప్రమేయ సమూహ పరీక్షలు ఇంతవరకే తీసుకురాగలవు. మొదటి నాళికలో అద్దం పడి ఉంటే, అది నిటారు గొలుసున్న బ్యూటనాలా, కొమ్మ ఉన్న 2-మిథైల్ ప్రోపనాలా అని వాటినే అడిగితే జవాబు రాదు. అక్కడా మరిగే ఉష్ణోగ్రతే దిక్కు.

సీసాకు కొత్త లేబుల్ అంటించే ముందు నోట్‌బుక్‌లో మూడో నాళిక గురించి ఒక వాక్యం పూర్తిగా రాయాలి. ‘రంగు పోయింది’ అని కాదు, ‘నీటి నాళికతో పోలిస్తే అరనిమిషం దాకా తేడా లేదు, ఆ తరువాత నెమ్మదిగా వెలిసింది’ అని. ఈ సీసా పేరు తేల్చింది ఆ అరనిమిషమే.